పార్ట్‌నర్ వెళ్ళిపోతున్నారు: వాటా లెక్క ఎలా కట్టాలి?

[తెర మీద: ఒక టేబుల్, దానికి అటూ ఇటూ రెండు కుర్చీలు. ఒక కుర్చీ ఖాళీ.]

నమస్కారం. ఇద్దరు కలిసి వ్యాపారం పెట్టారు. కొన్నేళ్ళు బాగానే నడిచింది. ఇప్పుడు ఒకరు బయటికి వెళ్తానంటున్నారు. "నా వాటా ఎంతొస్తుంది?" అని వెళ్ళేవారి ప్రశ్న. ఉండేవారు బ్యాంకు ఖాతా తెరిచి చూస్తే అందులో 5 లక్షలే ఉన్నాయి. వెళ్ళేవారు మాత్రం కళ్ళెదురుగా ఉన్న మిషన్లు, సరుకు, రోజూ వచ్చే కస్టమర్లను చూసి మనసులో ఒక పెద్ద అంకె వేసుకున్నారు. చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి. ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు. కానీ ఇద్దరూ చూస్తున్న లెక్కలు వేరు.

ఈ వీడియోలో ఒక్క కేసునే తీసుకుని మొదటినుంచి చివరిదాకా లెక్క కడదాం. అదొక ప్రింటింగ్ ప్రెస్. ఇద్దరు భాగస్వాములు. లాభనష్టాల్లో ఉండేవారికి 60 శాతం, వెళ్ళేవారికి 40 శాతం. మొదట్లో పెట్టుబడి మాత్రం ఇద్దరూ సమానంగా, చెరో 8 లక్షలు పెట్టారు. ఈ తేడా గుర్తుంచుకోండి, ముందుముందు పని పడుతుంది.

[తెర మీద: క్యాలెండర్. ఒక తేదీ చుట్టూ ఎర్ర గీత.]

అన్నిటికంటే ముందు తేలాల్సింది తేదీ. ఏ రోజు సాయంత్రానికి లెక్క ఆపుతున్నాం? "వచ్చే నెల ఎప్పుడో" అంటే కుదరదు. ఆ తేదీకి ముందు వచ్చిన లాభంలోనూ, పడిన అప్పులోనూ వెళ్ళేవారికి భాగం ఉంటుంది. ఆ తర్వాత వాటితో వారికి సంబంధం లేదు. సగం అచ్చయిన ఆర్డర్లు ఉంటాయి కదా, వాటికి అప్పటిదాకా అయిన ఖర్చు, జరిగిన పని ఆ రోజే రాసుకోవాలి. సరుకు కూడా అదే రోజు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. నెల తర్వాత లెక్కపెడితే ఎవరూ ఒప్పుకోరు.

[తెర మీద: రెండు నిలువు వరుసలు, ఆస్తులు, అప్పులు.]

ఆ తేదీన పుస్తకాల్లో ఉన్నది ఇది. మిషన్లు 20 లక్షలు, కాగితం, ఇంకు వంటి సరుకు 6 లక్షలు, కస్టమర్ల నుంచి రావలసినవి 9 లక్షలు, బ్యాంకులో 5 లక్షలు. మొత్తం 40. ఇక ఇవ్వాల్సినవి: బ్యాంకు అప్పు 8, సరుకు ఇచ్చినవాళ్ళకి 6, వెళ్ళే భాగస్వామి ఒకప్పుడు వ్యాపారానికి చేబదులుగా ఇచ్చిన 2. మొత్తం 16. తీసేస్తే మిగిలేది 24 లక్షలు.

ఇక్కడ చాలామంది 24లో 40 శాతం అని లెక్క కట్టేస్తారు. అది తప్పు. ఆ 24 ఎవరిదెంతో ఇద్దరి క్యాపిటల్ ఖాతాలు చూస్తేనే తెలుస్తుంది. పెట్టిన పెట్టుబడి, దానికి ఏటా కలిసిన లాభం, సొంతానికి తీసుకున్న డబ్బు, ఇవన్నీ ఆ ఖాతాలో ఉంటాయి. మన కేసులో ఆ తేదీ దాకా వచ్చిన లాభం కూడా పంచాక ఉండేవారి ఖాతాలో 15 లక్షలు, వెళ్ళేవారి ఖాతాలో 9 లక్షలు ఉన్నాయి. వెళ్ళేవారు ఇంటి అవసరాలకి ఎక్కువగా తీసుకున్నారు, లాభంలో వారి శాతమూ తక్కువే. "ఇద్దరం సమానంగానే పెట్టాం కదా" అనే మాట ఎంత నిజమైనా, ఈ రోజు లెక్క మొదలయ్యేది 9 దగ్గరే.

మరి ఆ 40 శాతం ఎక్కడ పనికొస్తుంది? పుస్తకాలు చెప్పని విషయాల్లో.

[తెర మీద: మిషన్ ఫోటో. పక్కన "20" కొట్టేసి "26" అని రాస్తారు.]

ఏటా తరుగుదల తీసేస్తూ రావడం వల్ల మిషన్లు పుస్తకాల్లో 20 లక్షలకి దిగాయి. ఈ రోజు అదే వయసున్న, అదే కండిషన్‌లో ఉన్న మిషన్ కొనాలంటే 26 అవుతుంది. అంటే 6 లక్షలు పెరిగినట్టు. పెరిగినవి మాత్రమే రాసి ఊరుకుంటే అన్యాయం. సరుకులో లక్ష విలువైన కాగితం తేమ పట్టి పాడైంది. రావలసిన బాకీల్లో లక్షన్నర ఏడాది దాటినా రాలేదు. పనివాళ్ళకి ఇవ్వాల్సిన బోనస్ 50 వేలు పుస్తకాల్లోకే ఎక్కలేదు. పెరిగింది 6, తగ్గింది 3. నికరంగా 3 లక్షలు లాభం. ఇందులో 40 శాతం, అంటే 1 లక్షా 20 వేలు వెళ్ళేవారి ఖాతాకి చేరుతుంది.

ఆ మొండి బాకీ గురించి ఒక మాట చెప్పాలి. "అది వస్తుంది" అని వెళ్ళేవారు, "రాదు" అని ఉండేవారు వారాల తరబడి వాదించుకోవడం నేను చూశాను. వాదన అక్కర్లేదు. ఇప్పటికి రాదనే రాసుకోండి. రేపు వసూలైతే, వచ్చినదాంట్లో 40 శాతం వెళ్ళినవారికి ఇస్తామని పత్రంలో ఒక వాక్యం పెట్టండి. లక్షన్నరా వస్తే వారికి 60 వేలు అందుతాయి. రాకపోతే ఎవరూ మోసపోయినట్టు కాదు.

[తెర మీద: ఒకే మాట, గుడ్‌విల్.]

ఇక అసలు చిక్కుముడి. గుడ్‌విల్. పేరు, పాత కస్టమర్లు, రోజూ అలవాటుగా వచ్చే ఆర్డర్లు, వీటన్నిటి విలువ. ఇద్దరూ కలిసి కట్టిన పేరు మీద రేపటినుంచి ఒక్కరే సంపాదించుకుంటారు కాబట్టి రెండోవారికి దానికి పరిహారం రావాలి. ఇంతవరకూ అందరూ ఒప్పుకుంటారు. ఎంత అన్నదే పేచీ.

మూడేళ్ళ లాభాలు 10, 12, 17 లక్షలు. సగటు 13. "రెండేళ్ళ లాభం గుడ్‌విల్" అని ఎవరో చెప్పారనుకోండి. 26 లక్షలు. అందులో 40 శాతం అంటే 10 లక్షల 40 వేలు. వెళ్ళేవారి మనసులో ఉన్న అంకె ఇదే. ఇది ఎందుకు తప్పో చూద్దాం.

మూడో ఏటి 17 లక్షల్లో 3 లక్షలు ఒక పాత మిషన్ అమ్మితే వచ్చినవి. అవి మళ్ళీ రావు. తీసేస్తే 14, సగటు 12. తర్వాత, ఇద్దరు భాగస్వాములూ పొద్దున్నుంచి రాత్రిదాకా పనిచేశారు కానీ జీతం తీసుకోలేదు. వాళ్ళ స్థానంలో ఇద్దరు మేనేజర్లను పెడితే ఏడాదికి చెరో 3 లక్షలు ఇవ్వాల్సి వచ్చేది. ఆ 6 లక్షలు వాళ్ళ కష్టానికి కూలి, పేరుకి వచ్చిన లాభం కాదు. మిగిలింది 6. ఈ వ్యాపారంలో నిలిచి ఉన్న సొంత డబ్బు, విలువలు సరిచేశాక, 27 లక్షలు. ఇంత రిస్కున్న మరోచోట పెడితే 10 శాతం వస్తుందనుకుందాం, అంటే 2 లక్షల 70 వేలు. అది డబ్బుకి వచ్చిన ప్రతిఫలం. అదీ తీసేస్తే 3 లక్షల 30 వేలు. నిజంగా పేరు వల్ల ఏటా వస్తున్న అదనపు లాభం ఇదే. దీన్ని రెండేళ్ళకి కడితే 6 లక్షల 60 వేలు. 40 శాతం అంటే 2 లక్షల 64 వేలు.

10 లక్షల 40 వేలకీ, 2 లక్షల 64 వేలకీ ఉన్న తేడా ఎంతో చూడండి. రెండూ "రెండేళ్ళ గుడ్‌విలే". అందుకే ఎన్నేళ్ళు అని బేరమాడేముందు, ఏ లాభాన్ని లెక్కలోకి తీసుకుంటున్నారో తేల్చుకోమని పట్టుబట్టి చెబుతాను.

ఏళ్ళ సంఖ్యకి కూడా ఒక ఆధారం ఉంటుంది. కస్టమర్లు ప్రెస్ పేరు చూసి వస్తున్నారా, వెళ్ళేవారి ముఖం చూసి వస్తున్నారా? ముఖం చూసి వచ్చేవాళ్ళయితే వారితోపాటే వెళ్ళిపోతారు, అప్పుడు ఉండేవారికి మిగిలే పేరే తక్కువ. వెళ్ళేవారు రేపే పక్కన మరో ప్రెస్ పెట్టి, అదే కస్టమర్లను పిలుచుకుంటే, ఇక్కడ గుడ్‌విల్ అడగడం న్యాయం కాదు. గుడ్‌విల్ తీసుకుంటే, కొంతకాలం ఆ కస్టమర్ల జోలికి వెళ్ళనని రాసివ్వాలి. అది చట్టప్రకారం ఎంతవరకు చెల్లుతుందో మీరున్న దేశాన్ని బట్టి ఉంటుంది, ఆ ఒక్క వాక్యం మాత్రం లాయరుతో రాయించండి.

[తెర మీద: 9.00 + 1.20 + 2.64 + 2.00 = 14.84]

కూడదాం. ఖాతాలో 9 లక్షలు, విలువలు సరిచేస్తే వచ్చిన లక్షా 20 వేలు, గుడ్‌విల్ 2 లక్షల 64 వేలు, చేబదులు ఇచ్చిన 2 లక్షలు. మొత్తం 14 లక్షల 84 వేలు. ఆ చేబదులుని వాటాలో కలిపేయకండి. అది అప్పు. వాటా మీద వివాదం ఉన్నా లేకున్నా తీర్చాల్సిందే.

అంకె మీద ఇద్దరికీ కుదరకపోతే ఇద్దరూ కలిసి ఒక్క అకౌంటెంట్‌ను ఎంచుకుని, ఆయన చెప్పింది ఒప్పుకుంటామని ముందే రాసుకోండి. ఎవరి అకౌంటెంట్‌ను వారు తెచ్చుకుంటే రెండు అంకెలు తయారవుతాయి, దూరం అలాగే ఉంటుంది. "ఒకరు ధర చెప్పాలి, రెండోవారు ఆ ధరకి కొనాలో అమ్మాలో తేల్చుకోవాలి" అనే పద్ధతి కూడా ఉంది. చూడడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కానీ ఒకరి దగ్గరే డబ్బుంటే, వారు తక్కువ ధర చెప్పి తేలిగ్గా గెలుస్తారు. ఇద్దరి స్తోమతా ఒకేలా ఉంటేనే దాని జోలికి వెళ్ళండి.

[తెర మీద: నెలల వరుస, ఒక్కో నెలకి ఒక్కో టిక్కు.]

సరే, బ్యాంకులో ఉన్నది 5 లక్షలు. ఇవ్వాల్సింది 14 లక్షల 84 వేలు. ఒకేసారి ఇమ్మంటే ప్రెస్ మూతపడుతుంది, అప్పుడు ఎవరికీ ఏమీ రాదు. మొదటిరోజు 2 లక్షల 84 వేలు ఇద్దాం. ముందుగా చేబదులు తీరిపోతుంది. మిగిలిన 12 లక్షలు రెండేళ్ళలో ఇస్తే ఏడాదికి 6 లక్షలు. వెళ్ళినవారి పనికి ఇప్పుడు మేనేజర్‌ను పెట్టాలి, అంటే 12 లక్షల లాభం 9కి తగ్గుతుంది. అందులోంచి 6, వడ్డీ, ఉండేవారి ఇంటి ఖర్చు 3. సరిపోదు. మూడేళ్ళయితే ఏడాదికి 4 లక్షలు, అంటే నెలకి 33 వేల పైచిలుకు. మిగిలి ఉన్న బాకీ మీద 10 శాతం వడ్డీ వేస్తే మొదటి ఏడు దాదాపు లక్ష. ఇది మోయగలరు, ఇరుకుగానే అయినా. వడ్డీ వేయడం న్యాయం, వెళ్ళినవారి డబ్బుతోనే కదా ప్రెస్ ఇంకా నడుస్తున్నది. వరసగా రెండు వాయిదాలు తప్పితే మిగిలిందంతా ఒకేసారి కట్టాలని, అప్పటిదాకా ఫలానా మిషన్ తాకట్టుగా ఉంటుందని రాసుకోవాలి. తాకట్టు పెట్టే మిషన్ బ్యాంకు దగ్గర అప్పటికే తాకట్టులో లేదని చూసుకోండి.

[తెర మీద: బ్యాంకు కాగితం మీద రెండు సంతకాలు.]

వెళ్ళేవారు ఎక్కువగా మర్చిపోయేది ఈ సంతకం. ఆ 8 లక్షల బ్యాంకు అప్పుకి ఇద్దరూ హామీ సంతకం పెట్టారు. "ఇకనుంచి అప్పు నాదే" అని ఉండేవారు రాసిస్తే అది మీ ఇద్దరి మధ్య మాట. బ్యాంకుకి దాంతో పనిలేదు. వాయిదాలు ఆగితే వెళ్ళినవారి ఇంటికే నోటీసు వస్తుంది. హామీ నుంచి విడుదల చేస్తున్నట్టు బ్యాంకే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇవ్వనంటే, ఆ అప్పు తీరేదాకా ఎంత బాకీ ఉందో ప్రతి మూడు నెలలకీ చూపాలని పత్రంలో పెట్టించుకోండి.

సరుకు ఇచ్చేవాళ్ళకి, పెద్ద కస్టమర్లకి ఇద్దరి సంతకాలతో ఉత్తరం వెళ్ళాలి. విడిపోయిన సంగతి తెలియకుండా అప్పిచ్చినవాళ్ళు పాత భాగస్వామిని కూడా అడగగలరు. చెక్కుల మీద సంతకం అధికారం, పన్ను రిజిస్ట్రేషన్‌లో పేరు కూడా ఆ వారంలోనే మారాలి. ఇక మనం లెక్క ఆపిన తేదీకి ముందు కాలానికి రెండేళ్ళ తర్వాత పన్ను నోటీసు వస్తే ఎవరు కడతారు? అదే 60, 40 నిష్పత్తిలో ఇద్దరూ. ఇది రాయకపోతే ఉండేవారే పూర్తిగా నష్టపోతారు.

[తెర మీద: చివరి వాయిదా రసీదు.]

మూడేళ్ళ తర్వాత చివరి వాయిదా అందినరోజు, "నాకు రావలసినదంతా ముట్టింది" అని వెళ్ళినవారు సంతకం చేసి ఇస్తారు. ఆ రోజే తాకట్టు కాగితాలు వెనక్కి ఇచ్చేస్తారు. ఆ మొండి బాకీ ఇంకా రాకుండా ఉంటే, దాని వాక్యం ఒక్కటీ రసీదులో కూడా మళ్ళీ రాసుకోండి.