ల్యాప్‌టాప్, పవర్డ్ స్పీకర్ల మధ్య హమ్: గ్రౌండ్ లూప్‌ను కనిపెట్టి, ఎర్త్ తీయకుండా తొలగించడం

నమస్కారం. ఈ బల్ల మీద మూడు పిన్నుల చార్జర్ ఉన్న ల్యాప్‌టాప్, దానికి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపిన మానిటర్, ఒక జత పవర్డ్ స్పీకర్లు ఉన్నాయి. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి స్పీకర్ల ఆర్‌సీఏ ఇన్‌పుట్‌కు మామూలు కేబుల్ వెళ్తోంది. పాట ఆపినా స్పీకర్లలో వినిపిస్తున్న ఈ ఎడతెగని హమ్ ఏ దారిన వస్తోందో ముందు కనిపెట్టి, ఆ తరువాత దానిని ఆపుదాం.

చార్జర్‌లోని ఎర్త్ తీగ చాలా ల్యాప్‌టాప్‌లలో హెడ్‌ఫోన్ జాక్ గ్రౌండ్‌తో కలిసి ఉంటుంది. స్పీకర్ల ఇన్‌పుట్ గ్రౌండ్ కూడా వాటి ఎర్త్‌తో కలిసి ఉంటే, ఆడియో కేబుల్ పైపొర, అంటే షీల్డ్, ఆ రెండు ఎర్త్‌లనూ కలిపి ఒక పూర్తి వలయాన్ని, అంటే గ్రౌండ్ లూప్‌ను, తయారు చేస్తుంది. ఇంట్లో రెండు సాకెట్ల ఎర్త్‌ల మధ్య ఉండే స్వల్పమైన వోల్టేజ్ తేడా వల్ల ఆ షీల్డ్‌లో 50 హెర్ట్జ్ కరెంటు ప్రవహిస్తుంది. ఉదాహరణకు 10 మిల్లీయాంపియర్ల కరెంటు 0.1 ఓం షీల్డ్ గుండా పోతే 1 మిల్లీవోల్టు పుడుతుంది. దాదాపు 300 మిల్లీవోల్టుల పాట సిగ్నల్ పక్కన అది చిన్నదే అయినా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో స్పష్టంగా వినిపిస్తుంది. మౌస్ కదిపినప్పుడు వచ్చే సన్నని కీచు శబ్దం కూడా చాలాసార్లు ఈ దారినే వస్తుంది.

ఇప్పుడు పరీక్షలు చేద్దాం. ల్యాప్‌టాప్ వాల్యూమ్‌ను సున్నాకు తెచ్చినా హమ్ మారలేదు కాబట్టి, అది పాటతో పాటు వస్తున్నది కాదు. స్పీకర్ల వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, వాటి వైపు నుంచి ఆడియో కేబుల్ తీసి, వాల్యూమ్ మళ్లీ పెంచితే హమ్ లేదు. ఒకవేళ ఇక్కడ కూడా హమ్ వినిపిస్తే లోపం స్పీకర్లలోనే ఉన్నట్టు, అప్పుడు వాటిని మరమ్మతుకు ఇవ్వాలి. కేబుల్ తిరిగి పెట్టి, ల్యాప్‌టాప్ నుంచి చార్జర్ పిన్ తీసి బ్యాటరీ మీద నడిపితే హమ్ తగ్గింది కానీ పోలేదు. చాలామంది ఇక్కడే ఆగి, చార్జర్ కారణం కాదని తేల్చేస్తారు. హెచ్‌డీఎంఐ కేబుల్ కూడా తీయగానే హమ్ పూర్తిగా పోయింది. అంటే మానిటర్ ఎర్త్ ద్వారా రెండవ దారి ఉందన్నమాట. అన్నీ తీసినా హమ్ ఉండి, కేబుల్‌ను కదిపినప్పుడు మారుతుంటే, షీల్డ్ తెగి ఉండవచ్చు కాబట్టి ముందు కేబుల్ మార్చి చూడండి.

ఈ దశలో కొందరు ప్లగ్‌లోని లావు పిన్నును విరిచేస్తారు, లేదా రెండు పిన్నుల అడాప్టర్ వాడతారు. హమ్ ఆగుతుంది, కానీ దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. స్పీకర్ లోపల ఫేజ్ తీగ లోహపు భాగాన్ని తాకిన రోజున, ఎర్త్ లేకపోతే 230 వోల్టులు ఆ లోహం మీదే నిలుస్తాయి; ఆ కరెంటు ఆడియో షీల్డ్ గుండా ల్యాప్‌టాప్‌కు, దాని మీద చెయ్యి పెట్టిన మనిషికి చేరవచ్చు. పరికరాన్ని తాకినప్పుడు చెయ్యి జిమ్మంటుంటే సాకెట్‌లో అసలు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఆ లోపాన్ని ఏ ఆడియో పరికరమూ సరిచేయదు.

ముందుగా అన్ని ప్లగ్‌లనూ మంచి ఎర్త్ ఉన్న ఒకే స్పైక్ బస్టర్‌కు మార్చుదాం. వీటి మొత్తం లోడ్ తక్కువే కాబట్టి 6 యాంపియర్ల సాకెట్ సరిపోతుంది. రెండు ఎర్త్‌ల మధ్య తేడా తగ్గినందువల్ల హమ్ బాగా తగ్గింది, కానీ రాత్రి పూట వినిపించేంత మిగిలింది. దానికి ఆడియో కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెడతాం. అందులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు సిగ్నల్‌ను అయస్కాంత క్షేత్రం ద్వారా దాటిస్తాయి, రెండు గ్రౌండ్‌లను మాత్రం విడిగా ఉంచుతాయి. మెయిన్స్ ఎర్త్ జోలికి పోవు. కొన్న వెంటనే ఏ పరికరానికీ కలపకుండా మల్టీమీటర్‌ను కంటిన్యూటీలో పెట్టి, దాని ఇన్‌పుట్ గ్రౌండ్‌కు, అవుట్‌పుట్ గ్రౌండ్‌కు మధ్య బీప్ రాకూడదని నిర్ధారించుకోండి. బీప్ వస్తే లోపల రెండూ కలిసే ఉన్నాయి, అది పనికిరాదు.

దీనిని స్పీకర్ల దగ్గర, చార్జర్‌కు దూరంగా ఉంచండి, లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ తానే హమ్‌ను పట్టుకుంటుంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కువ సిగ్నల్ దగ్గర బేస్‌ను చెడగొడతాయి కాబట్టి, మృదంగం ఎడమ వైపు మోత గరగరమంటే ల్యాప్‌టాప్ వాల్యూమ్ తగ్గించి స్పీకర్ల వాల్యూమ్ పెంచండి. అప్పటికీ బేస్ పలచగా ఉంటే, స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఉన్న పక్షంలో, బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ వాడి, ఐసొలేటర్‌ను తీసేయవచ్చు. అక్కడ లూప్ ఉన్నా, రెండు సిగ్నల్ తీగల మధ్య తేడానే స్పీకర్ తీసుకుంటుంది కాబట్టి షీల్డ్‌లో పోయే కరెంటు దాదాపు వినిపించదు.