ఉసిరి, టీ, బీట్‌రూట్, మందారం: తెల్లజుట్టుకి నిజంగా రంగు పట్టేది ఏది?

నమస్తే అండీ, ఈ గిన్నెలు చూడండి. మా అమ్మ దువ్వెనలో వచ్చిన తెల్లవెంట్రుకల్ని చిన్నచిన్న పాయలుగా దారంతో కట్టి, ఒక్కో పాయని ఒక్కో రసంలో నానబెట్టి, తర్వాత అన్నిటినీ ఒకే షాంపూతో కడిగాను.

బీట్‌రూట్ పాయ కడగక ముందు భలే ఎర్రగా ఉంది కదా, ఇప్పుడు చూడండి, మళ్లీ తెల్లగా వచ్చేసింది. ఆ రంగు నీళ్లలో కరిగిపోయేది, వెంట్రుకని పట్టుకోదు. మందారం పువ్వూ అంతే. మన కోనసీమలో ప్రతి పెరట్లో ముద్దమందారం ఉంటుంది, ఆకు నలిపితే వచ్చే జిగురు జుట్టుని మెత్తగా చేస్తుంది, అందుకోసం తప్పకుండా వాడండి, కానీ రంగు కోసం కాదు. కాఫీ, టీ డికాక్షన్లు లేత గోధుమ రంగు ఇస్తాయి, అది పైపైనే, రెండు మూడు తలస్నానాలకి పోతుంది.

ఇక ఉసిరి. స్టీలు గిన్నెలో కలిపిన ఉసిరి పొడి పాయకి రంగు మార్చలేదు. అదే పొడి ఇనప మూకుడులో రాత్రంతా నానితే తెల్లారేసరికి ఇలా నల్లగా తయారైంది. ఉసిరి పులుపుకి మూకుడులోని ఇనుము కొంచెం కొంచెంగా కరుగుతుంది, అది ఉసిరిలో ఉన్న టానిన్లతో కలిసి నలుపవుతుంది. పెడన కలంకారీ బట్టల మీద నలుపు వచ్చేదీ ఈ పద్ధతిలోనే, అక్కడ కరక్కాయ నీళ్లలో ముంచిన బట్ట మీద, తుప్పు ఇనుము బెల్లంతో పులియబెట్టిన నీళ్లతో అద్దుతారు.

చేసే పద్ధతి చెప్తాను. రెండు చెంచాల టీ పొడి ఒక గ్లాసు నీళ్లలో వేసి సగానికి మరిగించి, చల్లారాక నాలుగు చెంచాల ఉసిరి పొడిని ఇనప మూకుడులో దాంతో కలిపి రాత్రంతా ఉంచండి. పొద్దున నల్లబడకపోతే మూకుడుకి నూనె పట్టి ఉందని అర్థం, బాగా తోమి మళ్లీ చేయండి. నూనె లేని జుట్టుకి పట్టించి, గంటన్నర ఆగి, ఉత్త నీళ్లతో కడిగేయండి, ఆ రోజు షాంపూ వద్దు. తడిజుట్టుని తెల్లబట్టతో తుడిస్తే కాస్త మరక అంటుతుంది, మంచి తువ్వాలు వాడకండి.

వచ్చేది నిగనిగలాడే నలుపు కాదండీ, బూడిద కలిసిన గోధుమ రంగు. అక్కడక్కడా నాలుగు తెల్లవెంట్రుకలున్నవాళ్లకి బాగుంటుంది, తల సగం నెరిసినవాళ్లకి సరిపోదు, వాళ్లు ముందు గోరింటాకు పెట్టుకుని తర్వాత ఇది వేసుకుంటే ఆ ఎరుపు ముదురుతుంది. గోరింటాకు రంగు మాత్రం వెంట్రుకని గట్టిగా పట్టుకుంటుంది. ఉసిరి జుట్టుని పొడిబారుస్తుంది, మర్నాడు కొబ్బరినూనె రాయండి.

ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇది వేసుకున్న జుట్టుకి ఇనుము అంటి ఉంటుంది. పెరాక్సైడ్ ఉన్న బ్లీచ్ గానీ కలర్ గానీ దాని మీద వేస్తే వేడెక్కి వెంట్రుక పాడవ్వచ్చు, కాబట్టి పార్లర్‌కి వెళ్తే ముందే చెప్పి, చిన్న పాయ మీద చూడమనండి.