పాతికవేల గీతల బొమ్మ

అందరికీ నమస్కారం.

ఆఫీసులో ఎవరు ఎవరితో మాట్లాడతారో చూపించే బొమ్మలు మీలో చాలామంది చూసే ఉంటారు. మనిషికొక చుక్క, ఇద్దరి మధ్య మెయిల్ నడిస్తే ఒక గీత. పదిహేనుమంది ఉన్న టీముకి ఇది భలే బాగుంటుంది. వెయ్యిమందికి గీస్తే మాత్రం చిక్కుపడ్డ జుట్టు ఉండలా తయారవుతుంది. ఈ రంగంలో వాళ్లు దాన్ని హెయిర్‌బాల్ అనే పిలుస్తారు. అలా ఎందుకు అవుతుందో ఒకే ఒక్క డేటాను పట్టుకుని చెబుతాను.

ఆ డేటా యూరప్‌లోని ఒక పెద్ద పరిశోధన సంస్థది. ఇలాంటి డేటాను ఒకచోట చేర్చిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ల స్నాప్ సేకరణలో `email-Eu-core` అనే పేరుతో ఎవరికైనా దొరుకుతుంది. అందులో 1,005 మంది, 42 శాఖలు. పేర్లుండవు, నంబర్లే. దానికి తోడుగా, ఏ మెయిల్ ఎప్పుడు వెళ్లిందో చెప్పే `email-Eu-core-temporal` అనే ఇంకో ఫైలుంది. అందులో 986 మంది, 803 రోజులు, 3,32,334 వరసలు. ఒకరి నుంచి ఇంకొకరికి కనీసం ఒక్క మెయిలైనా వెళ్లిన సందర్భాలు మాత్రమే లెక్కేస్తే 24,929 గీతలు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. గీతలు మరీ దట్టంగా ఉన్నాయి కాబట్టి బొమ్మ చెడిందనుకుంటారు. లెక్క చూడండి. 986 మందిలో ఎవరు ఎవరికి రాయొచ్చో అన్ని అవకాశాలూ కలిపితే 9,71,210. అందులో 24,929 అంటే రెండున్నర శాతం చిల్లర. ఆ లెక్కన ఈ నెట్‌వర్క్ దాదాపు ఖాళీ. కంటికి మాత్రం నల్లటి ముద్ద. ఎందుకంటే కంటికి శాతంతో పనిలేదు. ఒక్కో చుక్క నుంచి సగటున పాతిక గీతలు బయలుదేరుతున్నాయి, ఎవరి గీతలు వాళ్ల దగ్గర ఆగకుండా మిగతా అందరి మీదుగా వెళ్తున్నాయి.

అసలు కారణం ఇంకా లోతుగా ఉంది. గెఫీ లాంటి సాఫ్ట్‌వేర్ చుక్కల్ని ఎక్కడ పెట్టాలో ఎలా నిర్ణయిస్తుంది? గీత ఉన్న ఇద్దరినీ స్ప్రింగులా దగ్గరికి లాగుతుంది, చుక్కలన్నిటినీ ఒకదాన్నుంచి ఒకటి దూరంగా నెడుతుంది. ఈ లాగుడూ నెట్టుడూ సర్దుకున్న చోట ఆగిపోతుంది. దగ్గరి సంబంధం ఉన్నవాళ్లు దగ్గరగా, లేనివాళ్లు దూరంగా పడాలన్నదే ఆశ. కానీ ఈ సంస్థలో పది జతల్లో తొమ్మిది జతలు మూడు అంగల లోపే ఉన్నాయి. నాకు తెలిసినవాడికి తెలిసినవాడికి మీరు తెలుసు, అంతే దూరం. అంటే దాదాపు అందరూ అందరికీ ఒకే దూరంలో ఉన్నట్టు. కాగితం మీద మూడు చుక్కల్ని ఒకదానికొకటి సమదూరంలో పెట్టగలం. నాలుగోది కుదరదు. వెయ్యింటిని అలా పెట్టమంటే పాపం ఆ ప్రోగ్రాం ఏం చేస్తుంది? అన్నిటినీ మధ్యలోకి కుక్కుతుంది.

మీ బొమ్మ ఈ స్థితికి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. చుక్కల మొదటి స్థానాలు మార్చి లేఅవుట్‌ను మళ్లీ నడపండి. బొమ్మ మొత్తంగా తిరగబడితే ఫర్వాలేదు. కానీ మొదటిసారి నడిమధ్యలో ఉన్న మనిషి రెండోసారి అంచుకి పోయినా, పక్కపక్కన ఉన్న ఇద్దరు చెరో వైపుకి వెళ్లినా, ఆ స్థానాలకి అర్థం లేదన్నమాట. అలాంటి బొమ్మను ప్రజెంటేషన్ మొదటి స్లైడులో పెట్టి, "చూడండి, ఈయనే మన సంస్థకి కేంద్రం" అని వేలు పెట్టి చూపించేవాళ్లని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

మరి ఏం చెయ్యాలి? ముందు డేటా దగ్గరికి వెళ్లాలి. సమయాలున్న ఆ రెండో ఫైలులో ఒక మెయిల్ ఇరవైమందికి వెళ్తే అది ఇరవై వరసలుగా పడుతుంది. "రేపు నీళ్లు రావు" అన్న సర్క్యులర్ కూడా ఇరవై సంబంధాలైపోతుంది. పంపినవారూ, సెకనుతో సహా సమయమూ ఒకటే అయిన వరసలన్నిటినీ ఒకే మెయిల్‌గా కలపండి. పదిమందిని మించి వెళ్లినవాటిని పక్కన పెట్టండి, లేదా మెయిల్ విలువను అందుకున్నవాళ్ల సంఖ్యతో భాగించండి. పది అనేది నియమమేమీ కాదు, మీ సంస్థ అలవాట్లను చూసి మార్చుకోవచ్చు.

అప్పటికీ గీతలు ఎక్కువే మిగులుతాయి. ఇక్కడ అందరికీ తట్టే ఉపాయం, "యాభై మెయిళ్లు దాటితేనే గీత" అని కోత పెట్టడం. అది అన్యాయం. రోజంతా మెయిళ్లలో బతికే శాఖలు మిగులుతాయి, తక్కువ రాసే చిన్న శాఖ మొత్తంగా మాయమైపోతుంది. దీనికి 2009లో సెర్రానో, బొగునా, వెస్పిగ్నాని అనే ముగ్గురు పరిశోధకులు ఒక జల్లెడ ప్రతిపాదించారు. ప్రతి మనిషినీ అతని కొలతతోనే చూస్తుంది. ఒక మనిషికి `k` మందితో సంబంధం ఉంది, అందులో ఒకరికి వెళ్లే వాటా `p` అనుకుందాం. మెయిళ్లను యాదృచ్ఛికంగా పంచేసినా అంత వాటా రావడానికి ఎంత అవకాశం ఉందో ఈ సూత్రం చెబుతుంది:

```
(1 - p)^(k - 1)
```

జవాబు 0.05 కంటే తక్కువైతే గీత ఉంచుతాం. ఊహించిన ఇద్దరితో చేసి చూద్దాం. మొదటామె 30 మందికి కలిపి 600 మెయిళ్లు రాసింది. అందులో ఒకరికి 50. వాటా పన్నెండో వంతు, జవాబు దాదాపు 0.08. గీత పోయింది. రెండో ఆయన నలుగురికి కలిపి 40 మెయిళ్లే రాశాడు, అందులో 28 ఒక్కరికే. వాటా 0.7, జవాబు 0.3 ఘనం, అంటే 0.027. గీత నిలిచింది. 50 పోయి 28 మిగలడం మొదట వింతగా అనిపిస్తుంది. కానీ ఆమెకి ఆ 50 మామూలు విషయం, ఆయనకి ఆ 28 చాలా పెద్ద విషయం. రెండు చివరల్లో ఏ ఒక్కరి లెక్కలో నెగ్గినా గీత ఉంచాలి కాబట్టి, ఆమె 50 అందుకున్న మనిషి వైపు నుంచి కూడా చూశాకే తీసెయ్యాలి. ఒకే ఒక్కరితో సంబంధం ఉన్నవాళ్లకి ఈ సూత్రం ఎప్పుడూ 1 అనే చెబుతుంది. వాళ్ల సంగతి విడిగా చూసుకోవాలి.

ఈ జల్లెడకి ఒక పెద్ద లోపం ఉంది. రెండు శాఖల మధ్య నెలకో మెయిల్ రాసే మనిషి ఉంటాడు. ఆ సన్నటి గీత ఇందులో నిలవదు. మీ ప్రశ్న "ఏ శాఖల్ని ఎవరు కలుపుతున్నారు" అన్నదే అయితే, వెతుకుతున్నదాన్నే పారేసినట్టు. అందుకని అలాంటి లెక్కలు, ఎవరి మీదుగా ఎన్ని దగ్గరి దారులు వెళ్తున్నాయన్న లెక్కతో సహా, సర్క్యులర్లు తీసేసిన పూర్తి నెట్‌వర్క్ మీదే చెయ్యండి. జల్లెడ పట్టినది చూపించడానికి మాత్రమే.

శాఖల గురించి అడిగితే నేనైతే గీతలే గీయను. `email-Eu-core`లో ఎవరు ఏ శాఖో ఇచ్చారు కాబట్టి 42 అడ్డ వరసలు, 42 నిలువు వరసల పట్టిక వేస్తాను. ప్రతి గడిలోనూ ఆ శాఖ నుంచి ఈ శాఖకి ఉన్న గీతల సంఖ్యను, ఉండగలిగిన గీతల సంఖ్యతో భాగిస్తాను. 50 మంది శాఖ నుంచి 40 మంది శాఖకి 2,000 ఉండగలవు. 60 ఉంటే మూడు శాతం. భాగించకపోతే పెద్ద శాఖల గడులే ముదురు రంగులో కనిపించి మోసం చేస్తాయి. 2004లో ఘోనియెం, ఫెకెటె, కాస్టాగ్లియోలా మనుషుల మీద పరీక్షించి చూశారు. ఇరవై చుక్కలు దాటాక ఎక్కువ పనుల్లో పట్టికే గెలిచింది. ఒకరి నుంచి ఇంకొకరికి దారి వెతకడంలో మాత్రం గీతలదే పైచేయి.

అందుకే పట్టికలో ఒక గడి అనుమానంగా కనిపించినప్పుడు మాత్రం మళ్లీ గీతల బొమ్మకి వస్తాను. ఆ రెండు శాఖల్లో ఒకరితో ఒకరు నిజంగా రాసుకున్న పదిహేను, ఇరవైమందినే తీసుకుని, ఒక శాఖను ఎడమవైపు, ఇంకోదాన్ని కుడివైపు నిలువుగా పేర్చి గీస్తాను. అప్పుడు చుక్క ఎక్కడుండాలో నిర్ణయించేది నేను, స్ప్రింగులు కావు.