పట్టుబడకపోతే తప్పు కాదా? నైతిక స్వార్థవాదం మీద ఒక సంభాషణ

హోస్ట్: నమస్కారం. "ఎవరైనా సరే తన మేలు ఒక్కటే చూసుకోవాలి, అదే ధర్మం" అనే ఒక వాదం ఉంది. దాన్ని నైతిక స్వార్థవాదం అంటారు. దాని గురించి మాట్లాడటానికి కాలేజీలో నీతిశాస్త్రం చెప్పే మేడమ్ వచ్చారు. మేడమ్, మనుషులంతా ఎలాగూ స్వార్థపరులే కదా! దానికి మళ్ళీ ఒక సిద్ధాంతం ఎందుకండీ?

లెక్చరర్: ఆ రెండూ వేరు వేరు మాటలండి. "మనిషి ఏం చేసినా తన కోసమే చేస్తాడు" అన్నది మనస్తత్వానికి సంబంధించింది. నిజమో కాదో మనుషుల్ని చూసి తేల్చుకోవాలి. "తన కోసమే చెయ్యాలి" అన్నది ధర్మానికి సంబంధించింది. మొదటిది నిజమైతే రెండోది చెప్పే పనే లేదు. ఎలాగూ అదే చేస్తున్నవాడికి అదే చెయ్యమని బోధించడం దేనికి? మనం మాట్లాడేది రెండో దాని గురించే. ఇంకొకటి, స్వార్థవాది అంటే ఊరందరితో తగవు పెట్టుకునేవాడు అనుకోకూడదు. సాయం చేస్తే తనకు మేలు అనిపిస్తే చక్కగా సాయం చేస్తాడు. కాకపోతే చేసినందుకు అతను చెప్పగల అసలు కారణం తన మేలు ఒక్కటే.

హోస్ట్: జరిగిన సంగతి ఏదైనా తీసుకుని చూద్దామా?

లెక్చరర్: అమెరికాలో, మిస్సోరి రాష్ట్రం కాన్సాస్ సిటీలో రాబర్ట్ కోర్ట్నీ అని ఒక ఫార్మసిస్ట్ ఉండేవాడు. క్యాన్సర్ రోగులకు ఎక్కించే కీమో మందుల్ని కలిపి డాక్టర్ల క్లినిక్‌లకు పంపడం అతని పని. అందులో మందు తగ్గించి పంపేవాడు, డబ్బు మాత్రం పూర్తి మోతాదుకు తీసుకునేవాడు. ఏళ్ళ తరబడి చేశాడు. 2001లో ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ సేల్స్ ప్రతినిధికి లెక్క తేడాగా కనిపించింది. జెమ్‌జార్ అనే మందు ఒక డాక్టరుకు కోర్ట్నీ అమ్మింది ఎక్కువ, అతను కొన్నది తక్కువ. ఆ డాక్టరు శాంపిల్ పరీక్షకు పంపిస్తే అందులో ఉండాల్సిన మందులో మూడో వంతు కూడా లేదు. తరవాత ఎఫ్‌బీఐ వచ్చింది. 2002లో 30 ఏళ్ళ జైలు శిక్ష పడింది.

హోస్ట్: వింటుంటేనే ఒళ్ళు మండుతోంది. కానీ స్వార్థవాది వెంటనే అంటాడు కదా, "చూశారా, జైలుకెళ్ళాడు. అంటే అది అతని మేలు కానే కాదు. మా సిద్ధాంతం ప్రకారం కూడా తప్పే."

లెక్చరర్: సరిగ్గా అదే అంటాడు, అక్కడే ఆగి చూడాలి. తప్పు అన్నాడు, బాగుంది. ఎందుకు తప్పు అన్నాడు? కోర్ట్నీ తన జీవితాన్ని పాడుచేసుకున్నాడు కాబట్టి. ఆ లెక్కలో రోగి ఎక్కడ ఉన్నాడో చూడండి. ఎక్కడా లేడు. సెలైన్‌లో మందు ఉందని నమ్మి చెయ్యి చాచి పడుకున్న మనిషికి జరిగిన అన్యాయం ఈ సిద్ధాంతం దృష్టిలో ఒక కారణమే కాదు. ఆ సేల్స్ ప్రతినిధి లెక్క చూడకపోయి ఉంటే? ఇంకో ఇరవై ఏళ్ళు గుట్టుగా సాగి, అతను హాయిగా రిటైర్ అయ్యుంటే? అప్పుడు స్వార్థవాది "అతను చెయ్యాల్సిందే చేశాడు" అని ఒప్పుకోవాలి. నాకు ఈ సిద్ధాంతంతో అసలు పేచీ ఇక్కడే. తీర్పు ఒక్కోసారి సరిగ్గానే వస్తుంది, కానీ కారణం ప్రతిసారీ తప్పే.

హోస్ట్: గుట్టుగా సాగినా మనసు ఊరుకోదు, భయం వెంటాడుతుంది అంటారు కదా?

లెక్చరర్: కొందరికి ఊరుకోదు. కొందరికి బాగానే నిద్ర పడుతుంది. ప్లేటో ఈ చిక్కు ఎప్పుడో చూపించాడు. వేలికి పెట్టుకుని లోపలికి తిప్పితే మనిషి కనపడకుండా పోయే ఉంగరం అతను చెప్పిన గైజీస్ అనే కాపరి కథలో ఉంటుంది. ఎవరికీ కనపడనివాడు న్యాయంగా ఎందుకు ఉండాలి అన్నది అక్కడి ప్రశ్న. మనసు పీకుతుంది అన్న జవాబులో ఇంకో ఇబ్బంది ఉంది. అసలు మనసు ఎందుకు పీకుతుంది? రోగికి అన్యాయం చేశానని తెలుసు కాబట్టి. అంటే రోగి ముందే లెక్కలో ఉన్నాడు.

హోస్ట్: స్వార్థమే ధర్మం అని రాసిన అమెరికా రచయిత్రి అయాన్ రాండ్ అభిమానులు మన శ్రోతల్లోనే చాలామంది ఉంటారు. వాళ్ళు "మోసం చేసేవాడు అసలు స్వార్థపరుడే కాదు, మూర్ఖుడు" అంటారు.

లెక్చరర్: ఆవిడ వాదం తేలిగ్గా తీసెయ్యాల్సింది కాదు. తన జీవితాన్ని ఇతరుల కోసం బలిపెట్టమని ఎవరూ అడగకూడదు అన్న మాటలో నాకు నిజం కనిపిస్తుంది. కానీ హేతుబద్ధంగా బతికే మనుషుల మేలు ఒకరిది ఒకరితో ఢీకొనదు అన్నది నమ్మలేను. ఎప్పటికీ పట్టుబడని కోర్ట్నీని ఎదురుగా పెడితే, "తాను సంపాదించనిది తీసుకోవడం హేతుబద్ధమైన మేలు కాదు" అంటారు. ఎందుకు కాదు? న్యాయం కాదు కాబట్టి. అప్పుడు మేలు అన్న మాటలోకి న్యాయాన్ని ముందే తెచ్చిపెట్టారన్నమాట. ఆ న్యాయం స్వార్థంలోంచి పుట్టింది కాదు.

హోస్ట్: ఈ సిద్ధాంతంలోనే వైరుధ్యం ఉందని, దాన్ని తర్కంతో కొట్టెయ్యవచ్చని కూడా చదివాను.

లెక్చరర్: అది కర్ట్ బేయర్ అనే తత్వవేత్త 1958లో చెప్పింది. ఇద్దరు అధ్యక్ష పదవికి పోటీ పడుతున్నారు. రెండోవాణ్ణి చంపెయ్యడం మొదటివాడికి మేలు, అడ్డుకోవడం రెండోవాడికి మేలు. చంపడం మొదటివాడి ధర్మమైతే దాన్ని అడ్డుకోవడం తప్పు కావాలి, కానీ అడ్డుకోవడం రెండోవాడి ధర్మం కూడా. ఒకే పని తప్పూ, తప్పు కానిదీ అయింది. వినగానే బాగుంటుంది గానీ, నా దృష్టిలో ఇది గట్టి దెబ్బ కాదు. జెస్సీ కాలిన్ అనే ఇంకో తత్వవేత్త చదరంగంతో జవాబిచ్చాడు. ఎదుటివాడు నా రాజుకు చెక్ పెట్టే ఎత్తు వెయ్యాలి అని నేను ఒప్పుకోవచ్చు, అయినా అతను ఆ ఎత్తు వెయ్యకూడదనే కోరుకోవచ్చు. ఒకరి ధర్మాన్ని ఇంకొకరు అడ్డుకోవడం తప్పు అన్న నియమం స్వార్థవాది ఒప్పుకోలేదు, మనమే పెట్టాం.

హోస్ట్: మరి గట్టి దెబ్బ ఏది?

లెక్చరర్: తత్వవేత్త జేమ్స్ రేచెల్స్ చెప్పింది. మనుషుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపు మేలు ఎక్కువ అంటే ఆ తేడాకు కారణం చూపించాలి. జాతి వివక్ష అందుకే తప్పు, చూపించడానికి కారణం లేదు కాబట్టి. స్వార్థవాది కూడా రెండు గుంపులే చేస్తాడు. ఒకవైపు తను, ఇంకోవైపు లోకమంతా. కోర్ట్నీకి నొప్పి వస్తే అది తగ్గాలి, ఎందుకంటే అది నొప్పి. రోగి నొప్పీ నొప్పే. వాళ్ళూ బతకాలనే కోరుకుంటారు, వాళ్ళ పిల్లలూ ఎదురుచూస్తుంటారు. తన అవసరాలు తనకు ఎందుకు కారణాలయ్యాయో ఆ లక్షణాలన్నీ అవతలివాళ్ళ అవసరాల్లోనూ ఉన్నాయి.

హోస్ట్: "తేడా ఉంది, నేను నేనే" అంటే?

లెక్చరర్: అన్నవాణ్ణి తర్కంతో లాక్కురావడం కష్టమే. 1874లో ఇంగ్లండ్ తత్వవేత్త హెన్రీ సిడ్జ్‌విక్ తన నీతిశాస్త్ర గ్రంథంలో ఈ ప్రశ్నతోనే కుస్తీ పట్టాడు. తన మేలు, అందరి మేలు, రెండూ హేతుబద్ధంగానే కనిపిస్తున్నాయని, రెండింటికీ సంధి కుదర్చలేకపోయానని ఒప్పుకున్నాడు. కాబట్టి స్వార్థవాది ఓడిపోయాడని నేను చాటింపు వెయ్యను. కానీ "నేను నేనే" అన్నాక అతని మాట ఎంతవరకు పనిచేస్తుందో చూడండి. అతను మొదట చెప్పింది ప్రతి ఒక్కరికీ వర్తించే ధర్మం. ఇప్పుడు చెబుతున్నది తన ఇష్టం. ఆ ఫార్మసిస్ట్ ఎదురుగా కుర్చీలో కూర్చున్న రోగి "నేను మీ మందు ఎందుకు నమ్మాలి?" అని అడిగితే, ఈ సిద్ధాంతం ఆ రోగికి ఇవ్వగల నిజాయితీ అయిన జవాబు ఒక్కటే: "నాకు లాభం ఉన్నంతవరకే నమ్మండి." దాన్ని బోర్డు మీద రాసి ఏ ఫార్మసీ తెరుచుకోదు. తత్వవేత్త బ్రయన్ మెడ్లిన్ 1957లో ఎత్తి చూపింది ఈ లోపాన్నే. అందరికీ ధర్మం అని చెప్పేదాన్ని అందరి ముందూ చెప్పలేకపోవడం.