కర్రీ పాయింట్‌కి షట్టర్ తీసుకునే ముందు సాయంత్రం ఏడింటికి ఏం లెక్కపెట్టాలి?

[రాత్రి 7 గంటలు. రోడ్డు పక్కన ఆగిన బండ్లు, చేతుల్లో కవర్లు.]

నమస్కారం. మా వదిన కర్రీ పాయింట్ పెడదామని వైజాగ్‌లో రెండు షట్టర్లు చూసింది. ఒకటి ద్వారకానగర్‌లో, మెయిన్ రోడ్డు మీద, అద్దె నెలకు 55,000. రెండోది ఎంవీపీ కాలనీలో, లోపలి రోడ్డులో, 24,000. అన్నయ్య మొదటిదానికే అడ్వాన్స్ ఇచ్చేద్దామన్నాడు. "జనం చూడు, తిరనాళ్లలా ఉన్నారు" అని. జనం ఉన్నమాట నిజమే. వాళ్లు కూర కొనే జనమా అన్నది తేల్చుకోవాలి కదా.

ముందు అద్దెని మనుషుల్లోకి మార్చాం. సగటు బిల్లు 120 రూపాయలు అనుకున్నాం. సరుకులు, గ్యాస్, ప్యాకింగ్ పోగా అందులో 40 శాతం, అంటే 48 రూపాయలు మిగులుతాయి. 55,000ని 30 రోజులకి పంచితే రోజుకి 1,833. ఒక్క అద్దె కట్టడానికే రోజూ 39 మంది కొనాలి. ఎంవీపీ షాపుకైతే 17 మంది చాలు. జీతాలు, కరెంటు రెండు చోట్లా ఉండేవే. కాబట్టి ద్వారకానగర్ షాపు రోజూ 22 మందిని ఎక్కువ తెచ్చి చూపించాలి.

[నోటు పుస్తకంలో గీతలు.]

లెక్కపెట్టడానికి మంగళవారం, శనివారం వెళ్లాం, రెండు చోట్లా 7 నుంచి 8 వరకు. కర్రీ పాయింట్‌కి అసలు బేరం ఆ టైములోనే. మధ్యాహ్నం చూసిన రద్దీతో మనకి పని లేదు. పండగ రోజులూ వద్దు. మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి చుట్టుపక్కల నిలబడితే ఏ షాపైనా బంగారంలాగే కనిపిస్తుంది. మాంసం కూరలు అమ్మేవాళ్లు కార్తీక మాసంలో చూసిన లెక్కని ఏడాది మొత్తానికి వేసుకోకూడదు.

ద్వారకానగర్‌లో గంటలో 640 మంది షట్టర్ ముందు నుంచి వెళ్లారు. చాలామంది భుజాన బ్యాగులతో కాంప్లెక్స్ వైపు, బస్సు కోసం గబగబా నడిచేవాళ్లే. ఎంవీపీలో 210 మందే. కానీ పక్కనున్న పాల షాపు దగ్గర 31 మంది బండి ఆపి ఏదో ఒకటి కొనుక్కున్నారు. ఇంటికి వెళ్తూ ఆగే అలవాటు ఆ రోడ్డుకి ఉందని మాకు అక్కడే అర్థమైంది.

ఇప్పుడు పార్కింగ్. కూర కొనేవాడు బండి మీదే వస్తాడు. షట్టర్ ముందు 10 అడుగుల జాగా ఉంటే, బండికి రెండున్నర అడుగులు చొప్పున నాలుగు పడతాయి. ఒక్కొక్కరు 4 నిమిషాలు ఆగితే గంటకి 60 మంది దాకా కొనొచ్చు. ద్వారకానగర్ షాపు ముందు కాలువ, దాని పక్కనే ట్రాఫిక్. బండి ఆపితే వెనక నుంచి హారన్లు. పైగా ముందు డివైడర్ ఉంది, షాపేమో ఉదయం ఆఫీసులకి వెళ్లే వైపు. సాయంత్రం ఇంటికి వెళ్లేవాళ్లు అవతలి వైపు నుంచి పోతారు. పావు కేజీ చికెన్ కూర కోసం ఎవరూ యూటర్న్ తిప్పుకుని రారు. మీ షాపు ఏ వైపుంటే మంచిదో మీ వ్యాపారాన్ని బట్టి చూసుకోండి. టిఫిన్ సెంటర్‌కైతే ఇదే ఉదయం వైపు బాగుంటుంది.

[కర్రీ పాయింట్ ట్రేలు, దగ్గరగా.]

పోటీ గురించి మా వదినకి చాలా టెన్షన్. ఎంవీపీ షాపుకి కూతవేటు దూరంలోనే ఒక కర్రీ పాయింట్ నడుస్తోంది. బట్టల షాపులైతే పక్కపక్కన ఉంటేనే జనం వస్తారు, నాలుగు చూసి కొంటారు కాబట్టి. కూరలకి అలా కాదు. అందుకని వాళ్ల ట్రేలు చూశాం. రెండు రోజులూ ఎనిమిదిన్నరకల్లా పప్పు, వేపుడు ట్రేలు ఖాళీ. "అయిపోయిందండీ" అని వెనక్కి పంపినవాళ్లని 9 మందిని లెక్కపెట్టాం. తొమ్మిదింటికి కూడా ట్రేలు నిండుగా ఉండి ఉంటే, అక్కడ రెండో షాపుకి చోటు లేదని వెనక్కి వచ్చేసేవాళ్లం.

పాత అద్దెదారు ఎందుకు ఖాళీ చేశాడో ఓనర్‌ని కాదు, ఎదురు టీ కొట్టులో అడగండి. ఎంవీపీ షాపు గురించి మాకు తెలిసిందేంటంటే, పొగ పైకొస్తోందని పై పోర్షన్ వాళ్లు రోజూ గొడవపడేవారట.

చివరికి ఎంవీపీ షాపే తీసుకున్నాం. అగ్రిమెంట్‌లో మేం గట్టిగా పట్టుకున్నవి రెండే. ఏటా అద్దె ఎంత పెరుగుతుందో అంకెతో సహా రాయించాం. 10 శాతమైతే మూడో ఏడాదికి 24,000 కాస్తా 29,040 అవుతుంది, అప్పుడు అద్దెకి 17 మంది సరిపోరు, 21 మంది కావాలి. ఏడాది దాటిన లీజు కాబట్టి రిజిస్ట్రేషన్ కూడా చేయించాం. అది లేకపోతే రేపు తగాదా వచ్చినప్పుడు మూడేళ్లని రాసుకున్న షరతుని కోర్టులో నిలబెట్టుకోవడం కష్టం.

రెండోది చిమ్నీ పైపు. డాబా మీద దాకా వేసుకోవచ్చని ఓనర్ కాగితం మీద రాసి ఇచ్చాకే వదిన అడ్వాన్స్ చేతికిచ్చింది.