నాలుగో అధ్యాయంలో రెండు 4.2లు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, పైగా ఈ ఉక్కపోతలో, సెక్షన్ నంబర్ల గురించి వినడానికి ద్వారకానగర్ దాకా వచ్చారంటే మీలో చాలామంది ఈ బాధ పడినవాళ్లే అయ్యుంటారు.

గాజువాక ఆటోనగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీకి పంపుల మెయింటెనెన్స్ మాన్యువల్ సరిచేసే పని నాకొచ్చింది. ఏళ్ల తరబడి నలుగురైదుగురు చేతులు మారిన వర్డ్ ఫైలు అది. నంబర్లన్నీ చేత్తో టైప్ చేసినవే. అందులోని నాలుగో అధ్యాయం ఇలా ఉంది:

```
4        పంపు మెయింటెనెన్స్
4.1      రోజువారీ తనిఖీ
4.2      గ్రీజు పెట్టడం
4.2      సీలు మార్చడం
4.2.1    పాత సీలు తీయడం
4.2.3    కొత్త సీలు వేయడం
4.5      అలైన్‌మెంట్
4.5.1.1  డయల్ గేజ్ బిగించడం
4.5.1.2  రీడింగ్ తీయడం
4.10     టెస్ట్ రన్
```

4.2 రెండుసార్లు వచ్చింది. 4.3, 4.4 లేవు. 4.5 తర్వాత ఏకంగా 4.10. ఇవి సరిచేయడానికి కూర్చున్నప్పుడు ముందుగా తేల్చుకోవాల్సిందొకటే: టైప్ చేసిన నంబరులో దేన్ని నమ్మాలి, దేన్ని నమ్మకూడదు? అంకెల విలువను నమ్మకూడదు, తప్పులన్నీ అక్కడే ఉంటాయి. నమ్మదగినవి రెండు. ఒకటి, ఆ హెడింగ్ పేజీలో ఉన్న చోటు. రెండోది, అందులో ఎన్ని చుక్కలున్నాయన్నది, అంటే ఎన్నో మెట్టు అన్నది. 4.2.3లో 3 తప్పు కావచ్చు గానీ, అది మూడో మెట్టు హెడింగ్ అన్నది టైప్ చేసినవాళ్లు సాధారణంగా మర్చిపోరు.

అలాగని నంబర్ల ప్రకారం సార్ట్ మాత్రం చేయకండి. 4.10ని దశాంశ సంఖ్యగా చూస్తే అది 4.1 అవుతుంది, 4.2 కన్నా ముందుకొస్తుంది. ఎక్సెల్‌లో పేస్ట్ చేస్తే చివరి సున్నా కూడా మాయమవుతుంది. కాలమ్‌ని ముందే Text ఫార్మాట్‌లో పెట్టుకోవాలి. సెక్షన్ నంబరు లెక్కల్లో వాడే సంఖ్య కాదు, ఇంటి నంబరు లాంటిది.

మొదటి అధ్యాయం నుంచి హెడింగులన్నీ వరసగా, పాత నంబరు, పేరు జంటలుగా, heads అన్న జాబితాలోకి తీసుకున్నాక, తిరిగి నంబర్లేసే పని పది లైన్లు కూడా పట్టదు:

```python
cnt = []
for old, title in heads:
    d = old.count('.') + 1
    if d > len(cnt) + 1:
        print('CHECK', old, title)
        break
    cnt = cnt[:d] + [0] * (d - len(cnt))
    cnt[-1] += 1
    print(old, '.'.join(map(str, cnt)), title)
```

మెట్టుకొక లెక్క నడుస్తుంది. పై మెట్టుకి రాగానే కింది లెక్కలన్నీ పోతాయి. అంతే. కొందరు `4.2.` అని చివర కూడా చుక్క పెడతారు, దాన్ని ముందే తీసేయాలి, లేకపోతే ఒక మెట్టు ఎక్కువ లెక్కపడుతుంది. ఇక జాబితా తీసేటప్పుడు లైను మొదట్లో అంకెలున్నవన్నీ హెడింగులనుకోవద్దు. "2.5 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే" అన్న వాక్యం నాకు కొత్త సెక్షనై కూర్చుంది. జాబితాని ఒకసారి కంటితో చదవడమే దీనికి మందు.

మధ్యలో ఉన్న CHECK గురించి చెప్పాలి. 4.5 తర్వాత తిన్నగా 4.5.1.1 వచ్చింది, మూడో మెట్టు లేదు. నేను మొదట్లో తెలివికి పోయి, మెట్టు దాటితే ఒక మెట్టు పైకి లాగేయమని రాశాను. అప్పుడేమైందంటే 4.5.1.1 కాస్తా 4.4.1 అయింది. దాని పక్కనున్న 4.5.1.2కి నాలుగో మెట్టు అప్పటికి చెల్లుతుంది కాబట్టి అది 4.4.1.1 అయింది. అన్నదమ్ముల్లా పక్కపక్కన ఉన్న రెండు హెడింగులు తండ్రీ కొడుకులైపోయాయి! చూడ్డానికి నంబర్లన్నీ వరసగానే ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఇప్పుడు అక్కడ ఆపేస్తాను, ఫైలు తెరిచి చూస్తాను. ఈ కేసులో 4.5కి కింద "కప్లింగ్ సరిచూడటం" అని బోల్డ్ అక్షరాల్లో ఒక లైను ఉంది. పోయిన 4.5.1 అదే. ఎవరో నంబరు చెరిపేశారు. దాన్ని తిరిగి చేర్చాక అంతా కుదురుకుంది: సీలు మార్చడం 4.3, అలైన్‌మెంట్ 4.4, కప్లింగ్ 4.4.1, టెస్ట్ రన్ 4.5.

ఇక్కడితో పని అయిపోయిందనుకుంటే మోసపోతాం. హెడింగులు మార్చడం ఒక పూట పని. "4.2 చూడండి" అని లోపల రాసిన వాక్యాలతోనే నాకు మూడు రోజులు పట్టింది.

ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఒక్కొక్కటీ మారుస్తూ పోతే ఏమవుతుందో చూడండి. 4.10ని 4.5గా మార్చారు. తర్వాత 4.5ని 4.4గా మార్చారు. ఇందాక కొత్తగా వచ్చిన 4.5లు కూడా 4.4లైపోతాయి, టెస్ట్ రన్ చూడమన్న చోటల్లా అలైన్‌మెంట్ చూడమంటుంది. అందుకని ముందు పాత నంబర్లన్నిటినీ `@@testrun@@` లాంటి గుర్తులుగా మార్చి, అన్నీ అయ్యాకే గుర్తుల స్థానంలో కొత్త నంబర్లు పెట్టాలి. పొడుగు నంబర్లు ముందు మార్చాలి, లేదంటే 4.1 కోసం వెతికినప్పుడు 4.10లో సగం కూడా దొరుకుతుంది.

రెండు 4.2ల సంగతి ఏ గుర్తుతోనూ తేలదు. అక్కడి సూపర్‌వైజర్ గారు నన్నే అడిగారు, "ఏవండీ, 4.2 చూడమంటే గ్రీజు పెట్టమనా, సీలు మార్చమనా?" అని. ప్రతి వాక్యమూ చదవాల్సిందే. "నీరు కారుతుంటే 4.2 చూడండి" అంటే సీలే. "బేరింగ్ వేడెక్కితే" అంటే గ్రీజు. తేలనివి రెండు మిగిలితే పాత ప్రింటు తీయించాం. అందులో గ్రీజు సెక్షనే లేదు. తర్వాతెవరో దాన్ని మధ్యలో దూర్చి, కింది నంబర్లు ముట్టుకోకుండా వదిలేశారన్నమాట. ఆ రెండు వాక్యాలు పాత ప్రింటులోనూ ఉన్నాయి కాబట్టి అవి సీలువే.

మళ్లీ ఈ తిప్పలు రాకుండా వర్డ్‌లో Heading 1, Heading 2 స్టైళ్లకు మల్టీలెవెల్ లిస్ట్ తగిలించాను. టైప్ చేసిన పాత నంబరు తీయడం మర్చిపోతే "4.3 4.2 సీలు మార్చడం" అని రెండూ కనిపిస్తాయి, అది వెంటనే దొరికిపోయే తప్పే. లోపలి ప్రస్తావనలు Cross-reference తో పెట్టాను. అవి వాటంతటవే మారతాయని నమ్ముకోకండి, Ctrl+A కొట్టి F9 నొక్కాలి. ఆ తర్వాత `Error!` అని వెతకండి. చెరిపేసిన హెడింగుని ఇంకా పట్టుకు వేలాడుతున్నవి అక్కడ బయటపడతాయి.

అయితే ఖాళీ కనిపించిందల్లా పూడ్చేయకూడదు. మన రాజ్యాంగంలో ఆస్తి హక్కుకి సంబంధించిన 31వ అధికరణను 44వ సవరణతో తీసేశారు. ఆ నంబరు అలాగే ఖాళీగా ఉంది, 32ని తెచ్చి అక్కడ పెట్టలేదు. 2002లో 86వ సవరణతో విద్యాహక్కు చేర్చినప్పుడు 21ఏ అన్నారే తప్ప, 22ని 23 చేయలేదు. కోర్టు తీర్పుల్లో, పుస్తకాల్లో ఆ నంబర్లు అప్పటికే ఎక్కేశాయి మరి. సంతకాలైన ఒప్పందాలకీ ఇదే పద్ధతి. అలాంటి కాగితం చేతికొస్తే నేను నంబర్లు ముట్టుకోను, ఖాళీ చోట "తొలగించబడింది" అని రాసి వదిలేస్తాను.

మా మాన్యువల్‌కి కూడా బయటి ప్రస్తావన ఒకటుందని ఆఖరిరోజున తెలిసింది. పంపు షెడ్డు గోడమీద లామినేషన్ చేసిన కాగితం, "సీలు లీకైతే: 4.2". ఫైల్లో ఎంత వెతికినా ఇది దొరకదు కదా! పాత నంబరు, కొత్త నంబరు, హెడింగ్ పేరు ఉన్న పట్టిక ఒకటి మాన్యువల్ చివర చేర్చాం. గోడమీద కాగితం మాత్రం మార్చేశాం. ఇప్పుడందులో నంబరు లేదు, "సీలు మార్చడం అన్న సెక్షన్ చూడండి" అని ఉంది.