పేరు రాయకపోతే సరిపోతుందా?
(జిల్లా విలేకరుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, ఇవాళ ఒక్క వార్తనే ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. ఇది నేను కల్పించినదే అయినా, జిల్లా పేజీల్లో ఇలాంటివి మీరంతా చూసే ఉంటారు.

“ఫలానా గ్రామంలో ఎనిమిదో తరగతి బాలికపై సవతి తండ్రి లైంగిక దాడికి పాల్పడ్డాడు. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తున్న తల్లి ఫిర్యాదు మేరకు అతణ్ని అరెస్టు చేశారు.” కింద నిందితుడి పేరు, వయసు. బాలిక పేరు లేదు, ఫొటో లేదు. అయినా ఆ ఊళ్లో ఆ పిల్ల ఎవరో తెలియనివాళ్లు ఉంటారా?

పోక్సో చట్టం 23వ సెక్షన్ ఆపేది పేరునొక్కదాన్నే కాదు. చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, చివరికి గుర్తుపట్టడానికి దారితీసే ఏ వివరమైనా నిషిద్ధమే. ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. విలేకరి చేసిన పనికి ప్రచురణకర్త, యజమాని కూడా బాధ్యులే.

ఇప్పుడు కత్తెర పట్టుకుందాం. ఊరు తీసేసి జిల్లా పేరు ఉంచుదాం. తరగతి, తల్లి ఉద్యోగం తీసేద్దాం. ఇక మిగిలిన చిక్కు నిందితుడి పేరు, బంధుత్వం. ఈ రెండూ కలిస్తే బాలిక పేరు రాసినట్టే. బ్రిటన్ పత్రికల నియమావళి పెద్దవాడి పేరు ఇవ్వొచ్చు గానీ, పిల్లతో బంధుత్వాన్ని సూచించే మాట రాకూడదంటుంది. మన పల్లెలకు అది పనికిరాదని నా అభిప్రాయం. మన దగ్గర మనిషి పేరు చెబితే ఇల్లు తెలిసిపోతుంది. పైగా ప్రమాదం ఇంట్లోంచే వచ్చిందన్నదే ఇక్కడ అసలు వార్త. అందుకే బంధుత్వం ఉంచి, పేరు తీసేయమంటాను.

అయితే మీరు బంధుత్వం రాసి, పక్క పత్రికవాళ్లు నిందితుడి పేరు రాస్తే? పాఠకుడు రెండూ పక్కపక్కన పెట్టుకుంటాడు. కాబట్టి స్టేషన్ దగ్గరే విలేకరులంతా ఒక మాట మీదికి రావాలి. పోలీసుల ప్రెస్ నోట్‌లో పేరుందన్న సాకు కూడా కుదరదు.

“తల్లే ఫొటో వేయమంది సార్” అంటారు కొందరు. ఆమె అనుమతి చెల్లదు. పిల్లల మేలు కోసమైతే కారణాలు రాసి అనుమతించే అధికారం ప్రత్యేక కోర్టుదే. బాలిక చనిపోయినా ఈ రక్షణ పోదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు నిపుణ్ సక్సేనా కేసులో చెప్పింది. అదే ఏడాది కఠువా బాలిక గుర్తింపు బయటపెట్టిన మీడియా సంస్థలను ఢిల్లీ హైకోర్టు తలా 10 లక్షల రూపాయలు కట్టమంది.

నేరం చేశాడన్న ఆరోపణ ఉన్న మైనరుకూ బాల నేరస్థుల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఇదే రక్షణ ఉంది. “వాడేం పసివాడు” అని డెస్క్‌లో వాదన పెట్టుకోకండి.

టీవీ వాళ్లకు ఒక మాట. పిల్ల ముఖం మసకబార్చి, అమ్మమ్మ ముఖాన్నీ ఇంటి గుమ్మాన్నీ స్పష్టంగా చూపిస్తే ఆ మసక ఎందుకు? గొంతు కూడా మార్చాలి. వెబ్ వాళ్లయితే వార్తలో ఊరి పేరు తీసేశాక లింకునూ, ఫొటో ఫైలు పేరునూ, యూట్యూబ్ థంబ్‌నెయిల్‌నూ చూడండి. ఊరి పేరు ఎక్కువగా మిగిలిపోయేది అక్కడే.